ఫోను మోగింది, ఇంట్లో ఎవరికీ తెలియలేదు

పోయిన ఏడాది వర్షాకాలంలో ఒక సోమవారం మధ్యాహ్నం మా ల్యాబ్ నుంచి ఒక ఇంటికి నాలుగుసార్లు ఫోను చేశాం. ఎవరూ ఎత్తలేదు. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయిన 71 ఏళ్ల పెద్దాయన ఉదయం రక్తం ఇచ్చి ఇంటికి వెళ్లారు. ఆయన పొటాషియం 6.4 వచ్చింది. మామూలుగా అది 3.5 నుంచి 5 లోపు ఉండాలి. ఇంత పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆయన బీపీకి వేసుకునే ఒక మాత్రను వెంటనే ఆపి, ఆ పూటే ఈసీజీ తీయాలి. చివరికి మా రికార్డులో ఉన్న పొరుగింటివారి నంబరుకు చేస్తే వాళ్లబ్బాయి పరుగున వెళ్లి చెప్పాడు. సాయంత్రం 5 గంటలకు ఆటోలో వచ్చారు. రెండు రోజులు వార్డులో ఉండి క్షేమంగా ఇంటికి వెళ్లారు.

డిశ్చార్జి రోజున మేము అడిగిన మొదటి ప్రశ్న, ఫోను ఎందుకు ఎత్తలేదని. ఆయన నొచ్చుకున్నారు. "ఫోను మంచం మీదే ఉందండీ, నేను అదే మంచం మీద కూర్చున్నాను" అన్నారు. అమ్మగారు వంటగదిలో ఉన్నారట. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, ఫోనూ పనిచేస్తూనే ఉంది. తర్వాతి వారం ఇద్దరినీ ఫోనుతో సహా రమ్మని, ఓ.పి. అయ్యాక ఒక గంట కూర్చుని ఏం జరిగిందో వెదికాం. ఆ రోజు మాకు తెలిసిన సంగతులు చాలా ఇళ్లకు పనికొస్తాయనిపించి ఇక్కడ రాస్తున్నాం.

ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను, ఆండ్రాయిడ్‌ది. కొడుకు హైదరాబాదులో ఉంటాడు, ఆ ఫోను అతనే కొనిచ్చాడు. పెద్దాయనకు 20 ఏళ్లుగా షుగరు. రెండు కళ్లకూ లేజర్ చికిత్స జరిగింది. మనిషి ఆనవాలు తెలుస్తుంది గాని తెర మీద వచ్చే పేరు చదవలేరు. అమ్మగారి చూపు బాగానే ఉంది, వినికిడి తగ్గింది. ఆదివారం ఆరాధనకు వెళ్లేముందు ఫోనును సైలెంట్‌లో పెట్టారు. ఇంటికి వచ్చాక దాన్ని తీయడం మరిచారు. కాబట్టి సోమవారం ఆ ఫోను మోగలేదు, వణికింది అంతే. ఆ వణుకును దూది పరుపు మింగేసింది.

సైలెంట్ తీసేస్తే సరిపోతుందని మేము కూడా అనుకున్నాం. తీసి, శబ్దం పూర్తిగా పెంచి, అమ్మగారిని పక్క గదిలో కూర్చోబెట్టి మోగించాం. ఆమె తల తిప్పలేదు.

చెవికి ఏ స్వరం అందుతుంది

వయసుతో వచ్చే చెవుడు అన్ని స్వరాలనూ సమానంగా తగ్గించదు. సన్నని, కీచుమనే స్వరాలు ముందు పోతాయి. బరువైన స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. భర్త మాట వినిపిస్తుంది గాని మనవరాలి మాట వినిపించదని చాలామంది పెద్దవాళ్లు చెబుతారు. మగవారి గొంతు కింది స్థాయిలో ఉంటుంది, పసిపిల్లల గొంతు పైస్థాయిలో ఉంటుంది. అదే ఇందుకు కారణం.

అమ్మగారికి వినికిడి పరీక్ష చేశాం. 500 హెర్ట్జ్ దగ్గర, అంటే బరువైన స్వరం దగ్గర, 30 డెసిబెల్స్‌కే చెయ్యెత్తారు. 4000 హెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి 70 డెసిబెల్స్ ఇస్తే గాని తెలియలేదు. వారి ఫోనులో ఉన్నది చిన్న గంటలు గలగలమన్నట్టుండే రింగ్‌టోన్. దాని బలమంతా ఆమె చెవికి అందని పైస్వరాల్లోనే ఉంది. దాన్ని ఎంత పెంచినా పొరుగువారికి చికాకే తప్ప ఆమెకు ప్రయోజనం లేదు.

రింగ్‌టోన్ మార్చాం. పాత టెలిఫోను గంటలా ఆగి ఆగి మోగేది, డోలులా బరువుగా ఉండేది, మగగొంతు ఉన్నది ఇలా ఒక్కొక్కటి పెట్టి చూశాం. శబ్దాన్ని సగానికి తగ్గించినా డోలు లాంటిది ఆమెకు పక్కగదిలోకి వినిపించింది. వీణ, వేణువు, పిట్టల కూతలు వినడానికి ఎంతో ఇంపుగా ఉంటాయి, ఈ పనికి మాత్రం కొరగావు. మీ ఇంట్లో పరీక్షించేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. "వినిపిస్తోందా అమ్మా?" అని అడిగి మోగిస్తే అవునంటారు, ఎందుకంటే ఎదురుచూస్తున్న చెవి వేరు. చెప్పకుండా, ఆమె పప్పు తాలింపు పెడుతున్నప్పుడు మోగించి చూడండి.

నిద్రలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2007లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వినికిడి తగ్గిన పెద్దలను నిద్రపోనిచ్చి, అగ్నిప్రమాద హెచ్చరికలను రకరకాలుగా ఇచ్చి చూశారు. 520 హెర్ట్జ్ బరువైన మోత నూటికి 92 మందిని లేపింది. పొగ అలారాల్లో మామూలుగా ఉండే కీచు మోత సగం కంటే కాస్త ఎక్కువమందినే లేపింది. మంచాన్ని కదిలించే యంత్రం సుమారు 80 మందిని లేపింది. కళ్లు చెదిరే ఫ్లాష్ లైటు లేపింది 27 మందిని మాత్రమే. ఫోను ఫ్లాష్ దానికంటే ఎంతో చిన్నది. అందుకే రాత్రి వచ్చే ఫోను కోసం ఫ్లాష్‌ను నమ్ముకోవద్దని మేము చెబుతాం. వినికిడి మిషను వాడేవారు పడుకునే ముందు దాన్ని తీసి పెట్టేస్తారు గనుక వారికి ఈ మాట మరీ ముఖ్యం.

ఫ్లాష్ ఎక్కడ పనికొస్తుంది

అయితే మెలకువగా ఉన్న మనిషికి, ముఖ్యంగా వంటగది మోతలో ఉన్న మనిషికి, ఫ్లాష్ చాలా మంచి సాయం. ఫోను మోగినప్పుడు వెనుకనున్న కెమెరా లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఇందుకు వేరే యాప్ అక్కరలేదు. ఐఫోనులో Settings తెరిచి, Accessibility లోకి వెళ్లి, Audio & Visual నొక్కితే Flash for Alerts అన్న మాటలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యం 2023లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఫోనులోనే ఉంది. Settings, Accessibility, ఆపైన Flash notifications. శాంసంగ్ ఫోన్లలో దీనికి ముందే ఉండేది. అక్కడ Accessibility లోపల Advanced settings కింద వెదకాలి. ఆండ్రాయిడ్‌లో కెమెరా లైటుతో పాటు తెర మొత్తం ఒక రంగుతో మెరిసే ఏర్పాటు కూడా ఉంది. ఆ రంగును మనమే ఎంచుకోవచ్చు. Preview నొక్కితే ఎలా ఉంటుందో అక్కడికక్కడే చూపిస్తుంది.

పెట్టేవారు తరచూ మరిచేది ఫోను ఎటు తిరిగి ఉందన్న సంగతి. కెమెరా లైటు వెనుక వైపు ఉంటుంది. ఫోనును వెల్లకిలా పెడితే ఆ వెలుగంతా బల్లకే పరిమితం. బోర్లా పెడితే కెమెరా లైటు కనిపిస్తుంది గాని తెర మెరుపు కనిపించదు. ఆ దంపతుల ఇంట్లో చివరికి కుదిరిన చోటు, వంటగది గుమ్మంలోంచి కనిపించే హాలు అలమర. తెల్ల సున్నం వేసిన గోడకు దగ్గరగా, లైటు గోడవైపు ఉండేలా ఫోనును నిలబెట్టారు. సన్నని లైటు గోడ మీద పడి జానెడు వెడల్పు వెలుగయింది. పొయ్యి దగ్గర నిలబడి పక్కచూపుకే అది తెలిసింది. మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉంటే మాత్రం తెలియలేదు. ఆ కిటికీకి తెర వేశాక సరిపోయింది.

పక్కచూపు అన్నాం గనుక ఒక సంగతి. నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవారికి అంచుల చూపే ముందు పోతుంది. పక్కనుంచి మెరిసే లైటు వారికి తెలియకపోవచ్చు, ఎదురుగా పెట్టాలి. వయసుతో కంటిపొర నడిమి భాగం దెబ్బతిన్నవారికి ఇది తారుమారు. వారికి నడిమి చూపు పోయి అంచు చూపు మిగులుతుంది. ఫోను కాస్త పక్కకు ఉంటేనే మెరుపును పట్టుకుంటారు. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే మీ కంటి చీటీ తీసుకుని మా దగ్గరకు రండి, రెండు నిమిషాల్లో చెప్పగలం.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే, లేదా చిన్నప్పుడు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే, వైద్యుణ్ణి అడగకుండా ఈ ఫ్లాష్ పెట్టవద్దు. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి వెలుగు చకచకా వెలిగి ఆరితే ఫిట్స్ వస్తాయి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగులు వారికి ఎక్కువ ప్రమాదం. ఫోనులోనే ఈ హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివేవారు తక్కువ. ఫోను పెద్దవారిదే అయినా, అదే గదిలో ఆడుకునే పిల్లవాడి సంగతి కూడా చూసుకోవాలి. పార్శ్వనొప్పి ఉన్నవారికి ఫిట్స్ రాకపోయినా తలనొప్పి రేగవచ్చు.

ఇంకొక ఇబ్బంది మూడో రోజే బయటపడింది. అమ్మగారు మళ్లీ ఫ్లాష్‌ను పట్టించుకోవడం మానేశారు. ఎందుకంటే ఫోను వచ్చినప్పుడే కాదు, ప్రతి మెసేజికీ అది మెరుస్తోంది. ఆ ఫోనులో ఏడు వాట్సాప్ గ్రూపులున్నాయి, తెల్లవారితే శుభోదయాలు. రోజుకు వందసార్లు మెరిసే లైటును ఎవరు మాత్రం చూస్తారు? ఒక్కో గ్రూపు తెరిచి, పైనున్న పేరు మీద నొక్కి, Mute notifications లో Always పెట్టించాం. ఫ్లాష్ పెట్టే ముందే చేయవలసిన పని ఇది. మేము తర్వాత చేశాం.

చూడలేని మనిషికి ఎవరి ఫోనో ఎలా తెలుస్తుంది

పెద్దాయన ఇబ్బంది వేరు. ఆయనకు ఫోను మోగడం వినిపిస్తుంది. ఎవరిదో తెలియదు. బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగిన ఒక మోసపు ఫోను తర్వాత, తెలియని ఫోనులు ఎత్తవద్దని కొడుకు గట్టిగా చెప్పాడు. పేరు చదవలేని మనిషికి అన్నీ తెలియని ఫోనులే. అందుకని ఆయన రోజూ రాత్రి 8 గంటలకు వచ్చే ఫోను తప్ప మరేదీ ఎత్తడం లేదు. కొడుకు చేసే వేళ అదే మరి. ఆ సోమవారం సైలెంట్ లేకపోయినా ఆయన మా ఫోను ఎత్తేవారు కారేమో.

దీనికి మందు మనిషికొక రింగ్‌టోన్. ఆండ్రాయిడ్‌లో ఫోను నంబర్ల పుస్తకం, అంటే Contacts తెరిచి, మనిషి పేరు నొక్కి, పైమూలనున్న మూడు చుక్కల్లో Set ringtone అన్నది చూడాలి. శాంసంగ్‌లో పేరు తెరిచి Edit నొక్కి, View more కింద Ringtone ఉంటుంది. ఐఫోనులో Edit నొక్కగానే Ringtone కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. నంబరు సిమ్‌లో దాచి ఉంటే దానికి వేరే రింగ్‌టోన్ పెట్టే వీలుండదు, ఎందుకంటే సిమ్‌లో పేరు, నంబరు దాచడానికే చోటు ఉంటుంది. Set ringtone కనిపించకపోతే ముందు అనుమానించవలసింది దీన్నే. ఆ నంబరును ఫోనులోకో గూగుల్ ఖాతాలోకో మార్చి మళ్లీ చూడండి.

ఎన్ని స్వరాలు పెట్టాలి? కొడుకు ఉత్సాహంగా పదకొండు మందికి పదకొండు పాటలు పెట్టాడు. పెద్దాయన ప్రతిసారీ "ఇది ఎవరిదబ్బా" అని ఆలోచించేలోపు మోత ఆగిపోయేది. మూడింటికి తగ్గించాం. ఇంటివారికి ఒకటి, ఆసుపత్రికి ఒకటి, మిగతా లోకానికంతా ఫోనుతో వచ్చినది. కొడుకు, కోడలు, కూతురు, అందరికీ ఒకే స్వరం. ఆ ముగ్గురిలో ఎవరన్నది ఎత్తాక తెలిస్తే చాలు. పాతికేళ్ల కిందట నోకియా ఫోన్లలో కుటుంబానికొక మోత, స్నేహితులకొక మోత అని గుంపులుగా పెట్టుకునే ఏర్పాటు ఉండేది. దాన్ని వాడినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఆసుపత్రి రింగ్‌టోన్‌గా పాట పెట్టలేదు. ఫోనులోని రికార్డర్‌తో ఒక మాట రికార్డు చేసి దాన్నే రింగ్‌టోన్‌గా పెట్టాం. "నాన్నా, ఆసుపత్రి నుంచి ఫోను. ఎత్తండి." ముందు దాన్ని మనవడు తన గొంతుతో చెప్పాడు, అందరికీ ముద్దుగా అనిపించింది. కాని ఆ సన్నని గొంతు అమ్మగారికి వినిపించలేదు. కొడుకు సెలవులకు వచ్చినప్పుడు తన గొంతుతో, మెల్లగా, రెండుసార్లు చెప్పి రికార్డు చేశాడు. అప్పుడు ఒకే మోత ఇద్దరికీ పనికొచ్చింది. ఆయనకు ఎవరిదో తెలుస్తుంది, ఆమెకు మోగినట్టు తెలుస్తుంది.

ఫోనే పేరు చదివి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. గూగుల్ వారి ఫోను యాప్‌లో Settings లోపల Caller ID announcement, ఐఫోనులో ఫోను సెట్టింగులలో Announce Calls. కొందరికి ఇది బాగా నచ్చింది. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో దాచితే ఫోను వాటిని పలికే తీరుకు నవ్వు రావడం ఖాయం. పరాయివారి ముందు పేరు గట్టిగా చదవడం ఇష్టం లేనివారూ ఉంటారు. పెద్దాయన వద్దన్నారు.

వాట్సాప్ కాల్ సంగతి వేరు. నంబర్ల పుస్తకంలో పెట్టిన స్వరం వాట్సాప్ కాల్‌కు వస్తుందని అనుకోవద్దు. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో ఆ మనిషి పేజీ తెరిచి, పేరు మీద నొక్కి, Custom notifications లో మెసేజికి, కాల్‌కు విడివిడిగా స్వరం, వైబ్రేషన్ పెట్టాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు వాట్సాప్‌లోనే మాట్లాడతారు గనుక ఈ పని మరువకూడదు.

వణుకు తెలియాలంటే

చూపు, వినికిడి రెండూ తగ్గినవారికి మిగిలేది వైబ్రేషన్. షుగరు ఉన్నవారి విషయంలో ముందు చూడవలసింది, ఆ వణుకు వారి చర్మానికి తెలుస్తుందా అని. చాలాకాలం షుగరు ఉంటే నరాలు చివర్ల నుంచి మొద్దుబారుతాయి. ముందు పాదాలు, తర్వాత వేళ్లు. మా ఓ.పి.లో బొటనవేలి ఎముక మీద ఒక ఇనుప కొయ్యను మోగించి ఆనించడం మీలో చాలామందికి అనుభవమే. అది 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్. పెద్దాయనకు దాని వణుకు రెండు బొటనవేళ్ల మీదా తెలియలేదు. చేతివేళ్ల చివర్లలో అరకొరగా తెలిసింది. రొమ్ము ఎముక మీద చక్కగా తెలిసింది. కాబట్టి ఆయన ఫోను ఉండవలసింది ప్యాంటు జేబులో కాదు, చొక్కా పైజేబులో. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు మాత్రం ఫోనును ఆ జేబులో పెట్టుకోకూడదు, రెండో వైపు పెట్టుకోవాలి.

ఐఫోనులో మనిషికొక వణుకు కూడా పెట్టవచ్చు. పేరు తెరిచి, Edit, Ringtone, ఆపైన Haptics. పాత ఫోన్లలో అక్కడ Vibration అని ఉంటుంది. Create New Vibration నొక్కి తెర మీద వేలితో దరువు వేస్తే అదే దరువు ఆ మనిషి ఫోను చేసినప్పుడు వస్తుంది. వేలు ఆనించి ఉంచితే పొడవు వణుకు, తట్టి తీస్తే పొట్టి వణుకు. గట్టిది, మెల్లనిది అన్న తేడా చర్మానికి సరిగా తెలియదు. పొడవు, పొట్టి, మధ్యలో విరామం, ఈ తేడాలు తెలుస్తాయి. ఆసుపత్రికి రెండు పొడవులు, ఇంటివారికి మూడు పొట్టివి అన్నట్టు పెట్టుకుంటే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి మనిషికొక వణుకు పెట్టే వీలు లేదు. అందరికీ కలిపి వణుకు బలం పెంచుకోవచ్చు, అది Vibration & haptics అన్న చోట ఉంటుంది.

పరుపు, దిండు, చేతిసంచి వణుకును మింగేస్తాయి. రాత్రి కోసం కొందరు ఫోనును దిండు కింద పెట్టుకుంటున్నారు. ఛార్జింగులో ఉన్న ఫోనును ఎన్నడూ అలా పెట్టవద్దు, గాలి ఆడక వేడెక్కుతుంది. మణికట్టుకు కట్టుకునే స్మార్ట్ బ్యాండు ఇంతకంటే మేలు. అమ్మగారికి కొడుకు అదే కొనిచ్చాడు. మొదట నిద్రలో చిరాకుగా ఉందని తీసి పెట్టేవారు, ఇప్పుడు అలవాటైంది.

ఇక ఆదివారం సైలెంట్ సంగతి. చాలా ఫోన్లలో సైలెంట్‌కు గడువు ఉండదు, మనమే గుర్తుపెట్టుకుని తీయాలి. దానికి బదులు Do Not Disturb వాడమని చెప్పాం. దానికి గంట అనో రెండు గంటలనో గడువు పెడితే ఆ సమయం కాగానే దానంతట అదే తొలగిపోతుంది. నంబర్ల పుస్తకంలో నక్షత్రం గుర్తు పెట్టినవారి ఫోనులు మాత్రం రానివ్వమని అందులో చెప్పవచ్చు. కాని ఫోను సైలెంట్‌లో ఉంటే నక్షత్రం ఉన్నవారి ఫోను కూడా మోగదు. రెండూ ఒకటేనని పొరబడవద్దు. ఐఫోనులో ఒక్కో మనిషి రింగ్‌టోన్ పేజీలోనే Emergency Bypass ఉంటుంది. అది పెడితే సైలెంట్‌లో ఉన్నా ఆ మనిషి ఫోను మోగుతుంది.

ఇవన్నీ కుదిరాక మూడు వారాలకు పెద్దాయనకు మళ్లీ రక్తపరీక్ష చేశాం. ఫలితం చెప్పడానికి ల్యాబ్ నుంచి ఫోను చేస్తే రెండో మోతకే ఎత్తారు. మేమంతా సంతోషించాం. రెండు రోజుల తర్వాత కంటి విభాగం సిస్టర్ అపాయింట్‌మెంటు కోసం చేస్తే ఎత్తలేదు. సిస్టర్ వార్డులోని మరో ఫోను నుంచి చేశారు. ఆ నంబరు ఆయన ఫోనులో లేదు, కొడుకు గొంతు పలకలేదు. తప్పు మాదే. మా ఆసుపత్రి నుంచి బయటికి ఫోనులు వెళ్లే నంబర్లు ఒకటి కాదు, నాలుగు. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ నాలుగింటినీ ఓ.పి. పుస్తకం వెనుక అట్ట మీద ముద్రిస్తున్నాం. నాలుగింటినీ ఒకే పేరు కింద దాచి, ఆ పేరుకు ఒకే రింగ్‌టోన్ పెట్టుకోండి. పాత పుస్తకం ఉన్నవారు ఈసారి వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర అడిగితే చీటీ అంటిస్తారు. ఫోనులో ఎక్కించడం రాకపోతే మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం 2 గంటల తర్వాత ఫోనుతో పాటు రండి. ఛార్జింగు పెట్టుకుని రండి.